కవరైపేట వద్ద లారీని ఢీకొన్న వ్యాన్: నలుగురి మృతి, ఎనిమిది మందికి గాయాలు

చెన్నై, ఆదివారం సాయంత్రం 5 గంటలు: చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి(ఎన్‌హెచ్ 16)పై తిరువళ్లూరు జిల్లా కవరైపేట సమీపంలో ఆదివారం తెల్లవారుజామున జరిగిన ప్రమాదంలో నలుగురు ప్రాణాలు కోల్పోయారు. ఎనిమిది మంది గాయపడ్డారు. వీళ్లంతా తిరుపతి జిల్లా సూళ్లూరుపేట ప్రాంతం వాళ్లే. మాధవరం, రెడ్‌హిల్స్ వైపు భవన నిర్మాణ పనులు చేసుకుంటూ, ఊళ్లో జాతర చూసుకుని తిరిగి పనుల్లోకి వస్తున్నారు. 4.20 గంటల ప్రాంతంలో వీళ్ల వ్యాన్ రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీని వెనక నుంచి ఢీకొంది.

వ్యాన్‌లో మొత్తం 13 మంది ఉన్నారు. డ్రైవర్, ఇద్దరు మహిళలు అక్కడికక్కడే చనిపోయారు. మరో వ్యక్తి స్టాన్లీ ఆసుపత్రిలో చికిత్స పొందుతూ ఉదయం 6.50కి కన్నుమూశారు. గాయపడిన ఎనిమిది మందిలో ముగ్గురు స్టాన్లీలో ఐసీయూలో ఉన్నారు, ఐదుగురు పొన్నేరి ప్రభుత్వాసుపత్రిలో ఉన్నారు. ఈ ఐదుగురికీ ప్రాణాపాయం లేదని డాక్టర్లు చెప్పారు. ఒక పాపకు దెబ్బలేమీ తగల్లేదు. లారీ డ్రైవర్ కూడా క్షేమంగా ఉన్నారు.

ఏడుగురు చనిపోయారంటూ ఉదయం నుంచి వాట్సాప్‌లో తిరుగుతున్న మెసేజ్ నిజం కాదు. పొన్నేరి నుంచి నలుగురిని 108 అంబులెన్సుల్లో స్టాన్లీకి తరలించినప్పుడు వాళ్ల పేర్లు ఇంకా తెలియలేదు. ఆ నలుగురినీ ఎవరో మృతుల్లో కలిపేసి ఏడు అని రాశారు. వాళ్లలో ముగ్గురు ఇప్పటికీ బతికే ఉన్నారు. ఐసీయూలో ఉన్న మనిషి పోయాడని విని ఊళ్లో ఆయన తల్లి స్పృహ తప్పి పడిపోయింది. మేము రాసిన సంఖ్యలను పోలీసు రికార్డుతోనూ, రెండు ఆసుపత్రుల్లోని వార్డు, మార్చురీ లెక్కలతోనూ సరిచూసుకున్నాం. ఆ పాత మెసేజ్ మీ దగ్గర ఉంటే దయచేసి ఇంకొకరికి పంపకండి.

ప్రమాదానికి కారణం ఇంకా తేలలేదు. లారీకి పార్కింగ్ లైట్లు వెలిగాయా, వెనక హెచ్చరిక గుర్తు పెట్టారా, వ్యాన్ ఎంత వేగంతో వచ్చింది అనేవి దర్యాప్తులో తేలాలి. పోలీసులు భారతీయ న్యాయ సంహితలోని 281, 106(1) సెక్షన్ల కింద కేసు నమోదు చేసి, లారీ డ్రైవర్‌ను విచారిస్తున్నారు. వ్యాన్ డ్రైవర్ నిద్రపోయాడని కొన్ని చోట్ల వచ్చింది. పోలీసులు గానీ, బయటపడిన ప్రయాణికులు గానీ మాతో ఆ మాట అనలేదు. పొన్నేరి మార్చురీ బయట ఆ డ్రైవర్ బావమరిది మాతో, "పదేళ్లుగా ఈ రోడ్డు మీదే బండి తోలినాడు మా బావ. ఎవుర్నీ అడక్కుండా నిద్రపోయినాడని ఎట్లా రాస్తారన్నా?" అన్నారు. చనిపోయిన నలుగురిలో ఆ డ్రైవర్ కూడా ఒకరు. డ్రైవర్ భార్య కూడా మార్చురీ బయట చెట్టు కింద, మిగతా కుటుంబాల పక్కనే కూర్చుని ఉంది.

మధ్యాహ్నం శవపంచనామా కాగితాలు వచ్చాయి. అన్నీ తమిళంలో ఉన్నాయి. ఒక పెద్దాయన చేతిలో కూతురి ఆధార్ జిరాక్సు పట్టుకుని, ఎక్కడ వేలిముద్ర వేయాలో తెలియక నిలబడిపోయారు. తెలుగు తెలిసిన హెడ్ కానిస్టేబుల్ ఒకరు ఆయన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, పంచనామా మొత్తం తెలుగులో చదివి వినిపించారు. నగల వివరాల దగ్గర ఆపి, "సరిగ్గా ఉందా నాయనా?" అని అడిగారు. ముక్కుపుడక రాయలేదని పెద్దాయన చెబితే, అది చేర్చాకే వేలిముద్ర తీసుకున్నారు.

కుటుంబ సభ్యులు కోరినందువల్ల మృతుల పేర్లు, ఊరి పేరు ఇవ్వడం లేదు. ప్రమాద స్థలంలో తీసిన ఫొటోలు మా దగ్గర ఉన్నా వేయడం లేదు. పాప తన మేనత్త దగ్గర ఉంది. జరిగింది ఆమెకు ఇంకా చెప్పలేదు, మేము ఆమెతో మాట్లాడలేదు.

బాధిత కుటుంబాలకు తెలియాల్సిన సంగతులు రెండున్నాయి. తమిళనాడులో ప్రమాదానికి గురైనవాళ్లు ఏ రాష్ట్రం వాళ్లయినా, 'ఇన్నుయిర్ కాప్పోమ్ – నమ్మై కాక్కుమ్ 48' పథకం కింద మొదటి 48 గంటలు ఉచిత చికిత్స పొందవచ్చు. డబ్బు కట్టమని ఎవరైనా అడిగితే ఆసుపత్రిలో ఈ పథకం పేరు చెప్పండి. ఇక మోటారు వాహనాల చట్టం ప్రకారం నష్టపరిహారం కోసం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేయాలి. దానికోసం తమిళనాడుకే రావక్కర్లేదు, సొంత జిల్లాలోనే వేయవచ్చు. మార్చురీ దగ్గర కొందరు అప్పుడే ఖాళీ కాగితాలతో తిరుగుతున్నారు. వాటి మీద సంతకాలు పెట్టకండి. ఎఫ్‌ఐఆర్ కాపీ, పోస్టుమార్టం రిపోర్టు కాపీ మాత్రం అడిగి తీసుకోండి.

పొన్నేరిలో ఉన్న ముగ్గురి మృతదేహాలకు పోస్టుమార్టం పూర్తయింది, రాత్రికి సొంతూరికి తీసుకెళ్తున్నారు. స్టాన్లీలో ఉన్న మృతదేహాన్ని సోమవారం ఉదయం అప్పగిస్తారు.