సంక్రాంతి వీడియో స్క్రిప్ట్: డ్రెస్డెన్ హాస్టల్ నుంచి గంగలకుర్రుకి

నిడివి: మూడు నిమిషాలు. హాల్లో టీవీకి పెట్టుకుని చూస్తారు కాబట్టి ఫోన్ అడ్డంగానే పట్టాలి. మామ్మకి చెవి మందం. ఫోన్ మూరెడు దూరం దాటకూడదు, వంటగదిలో పొగ లాగే ఫ్యాన్ ఆపేయాలి. ఆ హోరులో మాట వినపడదు. కిటికీ మొహానికి ఎదురుగా ఉండాలి. వెనకుంటే మొహం నల్లగా పడుతుంది. జనవరిలో ఇక్కడ నాలుగున్నరకే చీకటి పడిపోతుంది, మధ్యాహ్నం రెండు లోపు తీసేయాలి.

షాట్ 1. కిటికీ దగ్గర, పట్టు పరికిణీలో. 25 సెకన్లు

(రెండు సెకన్లు ఊరుకుని, నవ్వి, మొదలుపెట్టాలి.)

"మామ్మా, వినపడుతోందా? నేనే, బుజ్జిని. అమ్మా, నాన్నగారూ, బాబాయ్, పిన్నీ, అందరికీ భోగి, సంక్రాంతి, కనుమ శుభాకాంక్షలు. మీరు నాలుగింటికి మంట వేసేసరికి ఇక్కడ ముందురోజు రాత్రి పదకొండున్నర. అందుకే పడుకోకుండా కూర్చుంటాను. మంట అంటుకోగానే తమ్ముణ్ణి ఫోన్ చెయ్యమనండి."

షాట్ 2. ముగ్గు. పైనుంచి కిందికి. 20 సెకన్లు

(నేలంతా తివాచీ. ముగ్గు నల్ల అట్ట మీద. మడమలు, చెప్పులు ఫ్రేములోకి రానీయొద్దు.)

"మామ్మా, నీ ముగ్గే. ఏడు చుక్కలు, సందు చుక్క నాలుగు. బియ్యప్పిండితోనే వేశాను. గొబ్బెమ్మలు మాత్రం గోధుమపిండివి. పేడ అడిగితే హాస్టల్‌లో ఉండనివ్వరు!"

షాట్ 3. అరిసె. ప్లేటుకి బాగా దగ్గరగా. 60 సెకన్లు

(ముందే వేయించి పెట్టుకోవాలి. ఇక్కడ పొగకి అలారం మోగుతుంది, వేయిస్తూ తీయడం కుదరదు. అరిసె విరిచేటప్పుడు చెయ్యి కదలకూడదు, లోపలి గుల్ల కనపడాలి.)

"అమ్మా, ఇది చూడు. బియ్యం పావు కిలో, ఒక రోజంతా నానబెట్టాను. మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చాను. వార్చి, గుడ్డ మీద ఓ పావుగంట ఉంచి, తడి ఉండగానే మిక్సీ పట్టాను. బెల్లం నూట ఎనభై గ్రాములు. నువ్వు చెప్పినట్టు పాకం నీళ్లలో వేసి చూశాను, మెత్తటి ఉండ కట్టగానే దింపేశాను. మొదటి వాయి దుకాణంలో కొన్న పొడి పిండితో చేస్తే నూనెలో పడగానే విడిపోయిందమ్మా. తడి లేకపోతే పాకం పట్టుకోదు కదా. పాకం ముదిరితే ఇంకో గొడవ, పళ్లు ఊడొస్తాయి. అరిసెల చెక్కలు లేవు, రెండు స్టీలు పళ్లేల మధ్య పెట్టి నొక్కాను. అందుకే కొంచెం నూనె ఓడుతున్నాయి. నువ్వొస్తే తిట్టుకుంటూనే రెండు తింటావు."

(విరవాలి. మూడు సెకన్లు మాట వద్దు.)

షాట్ 4. మళ్లీ కిటికీ దగ్గర. 55 సెకన్లు

"నాన్నగారూ, ఓ చిన్న పని. సాయంత్రం చంటిదానికి భోగిపళ్లు పోసేటప్పుడు నా తరఫున ఓ దోసెడు మీరు పొయ్యండి. రేగిపళ్లు, బంతిరేకలు చాలు. నా దోసెట్లో చిల్లర వద్దు, కళ్లలో పడుతుంది.

ఒరేయ్ తమ్ముడూ, నీకు అసలు పని కనుమ రోజు. మన ప్రభ కౌశిక దాటేది నాకు కావాలి. వీడియో కాల్ చెయ్యకు, ఆ జనంలో సిగ్నల్ ఉండదు, సగం బొమ్మే వస్తుంది. రికార్డు చేసి, ఇంటికొచ్చాక పంపు. జనం రాకముందే అవతలి గట్టు మీద నిలబడు. ఇవతలుంటే నీకు వీపులే కనపడతాయి. ఫోన్ అడ్డంగా పట్టుకో, జూమ్ ముట్టుకోకు, ఫోన్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకో. ప్రభ గట్టెక్కాక కూడా అరనిమిషం ఆపకు. 'అశ్శరభ శరభ' అనే కేక నాకు ఆసాంతం వినపడాలి. జగ్గన్నతోటలో పదకొండు మంది రుద్రులూ చేరాక ఇంకోటి తియ్యి. వ్యాఘ్రేశ్వరుడి ప్రభ వచ్చినప్పుడు మిగతావన్నీ ఒకసారి పైకెత్తుతారుగా, అది తప్పిపోతే నీతో మాట్లాడను."

షాట్ 5. మొహం దగ్గరగా. 15 సెకన్లు

"మామ్మా, అరిసెలు ఎక్కువ తినకు, షుగరు చూసుకో. నా వాటా కొబ్బరి బూరెలు డబ్బాలో దాచు, నాన్నగారికి కనపడకుండా. ఉంటాను మరి, ఆయ్."

(చేతులు జోడించి రెండు సెకన్లు అలాగే. తర్వాత ఆపు.)

పంపేటప్పుడు: వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే నాణ్యత తగ్గి టీవీలో ముగ్గు చుక్కలు అలుక్కుపోతాయి. డాక్యుమెంటుగా పంపాలి, అదీ నాన్నగారి ఫోన్‌కే. అమ్మ ఫోన్‌లో ఎప్పుడూ ఖాళీ ఉండదు. వాళ్లకి భోగి ముందురోజు రాత్రి ఎనిమిదింటికి, అంటే ఇక్కడ మధ్యాహ్నం మూడున్నరకి పంపాలి. పడుకునేలోపు డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేయడం తమ్ముడి పని.