దసరా దాకా నా వారం (అల్మారా తలుపు మీద అంటించాలి)

పని: అకౌంట్స్ ఉద్యోగం. విజయవాడలోనే, కుదరకపోతే గుంటూరు. ఒక ఫోన్ రాలేదని మధ్యలో పద్ధతి మార్చకూడదు.

సోమ, మంగళ: పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా అప్లికేషన్లు. రోజుకు రెండే. ప్రకటన పూర్తిగా చదివి, రెజ్యూమేలో పై నాలుగు లైన్లు దానికి తగ్గట్టు మార్చి పంపాలి. రాత్రి పడుకుని ఫోన్‌లో నొక్కుతూ పోయినవి లెక్కలోకి రావు.

బుధ: ఆటోనగర్, గవర్నర్‌పేట. స్పేర్ పార్ట్స్ డీలర్లు, ఆడిటర్ ఆఫీసులు చాలావరకు ప్రకటన ఇవ్వరు, తెలిసినవాళ్లని అడుగుతారు. ఎండ ముదరకముందే తిరిగి ఇంటికి.

గురు: ప్రాక్టీస్. ఈ నెలంతా బ్యాంక్ రీకన్సిలియేషన్, VLOOKUP మాత్రమే. కారణం కింద ట్రాకర్‌లో ఉంది.

శుక్ర: ఫాలో అప్ ఫోన్లు. 11న జీఎస్‌టీఆర్-1, 20న 3బి గడువు కాబట్టి ఆ తేదీలకు ముందు రెండు రోజులు ఎవరికీ చేయొద్దు. ఆ హడావిడిలో మంచివాళ్లు కూడా విసుక్కుంటారు.

శని: పొద్దున వీధి చివర మందుల షాపు లెక్కలు. చిన్న డబ్బులే, కానీ చేయి ఆడుతూ ఉంటుంది, ఇంటర్వ్యూలో "ఇప్పుడేం చేస్తున్నావ్?" అంటే చెప్పడానికో మాట ఉంటుంది. సాయంత్రం ట్రాకర్.

ట్రాకర్ (ఎన్ని పోయాయో కాదు, ఎక్కడ ఆగిందో రాయాలి)

స్పేర్ పార్ట్స్ డీలర్ – బాబాయ్ చెప్పాడు – ఎక్సెల్ టెస్టులో ఆగింది – ఓపిక 1
ఆడిటర్ ఆఫీసు – నేరుగా వెళ్లాను – "వచ్చే నెల రండి" – 23న ఫోన్ – ఓపిక 3
బట్టల హోల్‌సేల్ – యాప్ – జవాబు లేదు, పదిహేను రోజులైంది, మూసేశా – ఓపిక 2
కార్ల షోరూమ్ – యాప్ – టెస్టు, బ్యాంక్ రీకన్సిలియేషన్ రాలేదు – ఓపిక 1

రెండు టెస్టు దగ్గరే ఆగాయి. అంటే రెజ్యూమే పనిచేస్తోంది, దాన్ని మళ్లీ మళ్లీ గెలకడం మానాలి. యాప్‌లో జవాబులు రాకపోవడం వరుసగా పెరిగితే అప్పుడు చూద్దాం.

ఓపిక

3 అయితే పై ప్లాన్ మొత్తం. 2 అయితే ఒకే అప్లికేషన్. 1 అయితే అప్లికేషన్ లేదు; ట్రాకర్‌లో ఒక లైన్ రాసి, స్నానం చేసి, సాయంత్రం కాలవ గట్టు మీద నడక. వరుసగా మూడు రోజులు 1 పడితే అక్కకి ఫోన్ చేయాలి, సరిగా నిద్ర కూడా పట్టకపోతే డాక్టర్ దగ్గరికి. దీనికి సిగ్గుపడేది లేదు.

మెయిల్ సాయంత్రం నాలుగింటికి ఒక్కసారే. పొద్దున్నే "సారీ" చూస్తే ఆ పూట గోవిందా. ఇంటర్వ్యూ కాల్స్ ఫోన్‌లోనే వస్తాయి కాబట్టి రింగ్ మాత్రం ఆన్‌లో ఉంచాలి.

ఇంటర్వ్యూ అయిన మర్నాడు సగం రోజే పని. అడిగిన ప్రశ్నలు ఆ రాత్రే రాసేయాలి, తెల్లారితే సగం గుర్తుండవు.

ఆదివారం ఏమీ లేదు.

అమ్మా, నాన్నా: "ఏమైంది?" అని శనివారం రాత్రి భోజనాల దగ్గర అడగండి, అన్నీ చెప్తాను. మిగతా రోజుల్లో వద్దు. పెద్దమ్మ ఫోన్ చేస్తే "వెతుకుతున్నాడు" అంటే చాలు.