ఎంజైమ్ వేగం: సంతృప్త వక్రరేఖను, నిరోధక గీతలను చదవడం

బి.ఎస్సీ. జీవరసాయన శాస్త్రం, ప్రాక్టికల్ తరగతి, గుంటూరు

పటం 1లో వంపు కన్నా ముందు అక్షాలు చూడండి. అడ్డంగా సబ్‌స్ట్రేట్ గాఢత [S], మిల్లీమోలార్లలో. నిలువుగా తొలి వేగం v, నిమిషానికి మైక్రోమోల్‌లలో. అడ్డ అక్షం కాలం కాదు. ఏటా ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ప్రతి చుక్కా ఒక వేరే పరీక్షనాళిక. అన్నింటిలో ఎంజైమ్ ఒకే మోతాదు. కాబట్టి వక్రరేఖ చదునైతే చర్య ఆగిపోయినట్టు కాదు, ఎంజైమ్‌కు తీరిక లేదని అర్థం. మన మిర్చి యార్డునే తలచుకోండి. సరుకు తక్కువ వచ్చిన రోజు ఎన్ని టిక్కీలు వస్తే అన్నీ తూగుతాయి. సీజన్‌లో లారీలు బారులు తీరినా, ఉన్న కాటాల మీద గంటకు తూగే టిక్కీలు ఒక హద్దు దాటవు.

ఆ హద్దే Vmax. అందులో సగం వేగం వచ్చే గాఢత Km. లెక్క తేలికగా ఉండాలని ఇక్కడ Vmax 100, Km 2 తీసుకున్నాం.

```
v = Vmax [S] / (Km + [S])
[S]   2    8    18
v    50   80    90
```

18 మిల్లీమోలార్ దగ్గర కూడా ఇంకా 90 మాత్రమే! అందుకే వక్రరేఖ చివర చూసి Vmaxను కంటి అంచనాతో రాయకండి. ఈ చిక్కు తీర్చడానికే 1934లో లైన్‌వీవర్, బర్క్ విలోమాలతో సరళరేఖ గీశారు. దానికీ ఒక లోపముంది: తక్కువ గాఢతల దగ్గరి చిన్న పొరపాటు 1/v లో పెద్దదై, గీతను తనవైపు లాగేస్తుంది.

పటం 2 ఆ విలోమ గీతలే. అడ్డంగా 1/[S], నిలువుగా 1/v. నిరోధకం లేని నల్ల గీత నిలువు అక్షాన్ని 0.01 దగ్గర, అంటే 1/Vmax దగ్గర, అడ్డ అక్షాన్ని -0.5 దగ్గర, అంటే -1/Km దగ్గర తాకుతుంది. మిగతా గీతలు దాన్ని ఎక్కడ కలుస్తున్నాయో చూడండి. ఎర్ర గీత నిలువు అక్షం మీదే కలిసింది: Vmax మారలేదు, Km పెరిగింది. ఇది పోటీ నిరోధకం. సక్సినేట్ డీహైడ్రోజినేజ్‌కు మాలోనేట్ ఇలాంటిదే. నీలి గీత అడ్డ అక్షం మీద కలిసింది: Km అదే, Vmax సగమైంది. పోటీపడని నిరోధకం.

కానీ నీలి గీతను చూసి తొందరపడవద్దు. చేలలో కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు ఎసిటైల్‌కొలిన్ ఎస్టరేజ్‌లోని సెరీన్‌కు గట్టి బంధంతో అతుక్కుంటాయి. అలా కొంత ఎంజైమ్ పనికిరాకుండా పోతే, మిగిలింది పాత Kmతోనే పనిచేస్తుంది. గీత అచ్చం ఇలాగే వస్తుంది. డయాలసిస్ చేస్తే తేడా తెలుస్తుంది: విడిపోయే నిరోధకం బయటకు వెళ్లి వేగం తిరిగొస్తుంది, అతుక్కున్నది వదలదు.

అభ్యాసం: ఎర్ర గీతకు నిరోధకం 4 మిల్లీమోలార్ వేశాం, అది అడ్డ అక్షాన్ని -0.167 దగ్గర తాకింది. పెరిగిన Km = Km (1 + [I]/Ki). ఇందులో [I] నిరోధకం గాఢత, Ki నిరోధక స్థిరాంకం. Ki లెక్కగట్టి, మూడు గీతలూ గ్రాఫు కాగితం మీద గీసి గురువారం తీసుకురండి.