అబూ సింబెల్ సూర్యోదయ యాత్ర: అక్టోబర్ 2026 గ్రూప్ బుకింగ్ నిబంధనలు

నమస్కారం,

ఈ యాత్ర గురించి అడిగిన అందరికీ ఒకే వివరం అందాలని ఇలా రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదివాకే సీటు అడగండి. ముఖ్యంగా జూలై 10వ తేదీ గురించి రాసిన భాగాన్ని రెండుసార్లు చదవండి. అది సరిగ్గా అర్థమైతే మిగతావన్నీ తేలిక.

యాత్ర 2026 అక్టోబర్ 16 శుక్రవారం కైరోలో మొదలై 25 ఆదివారం కైరోలోనే ముగుస్తుంది. మీరు ఏ ఊరి నుంచి వచ్చినా కైరో వరకు విమాన ప్రయాణం మీదే. అక్కడి నుంచి బస్సు, ఈజిప్టు లోపలి విమానాలు, నైలు మీద పడవ, గదులు, ప్రవేశ టికెట్లు, గైడ్ ప్యాకేజీలో ఉంటాయి. ప్రయాణ బీమా ప్యాకేజీలో లేదు. కానీ తప్పనిసరి.

ఈ తేదీ ఎందుకు మారదు

చాలామంది "ఒక వారం వెనక్కి జరపగలరా, సెలవులు కలిసొస్తాయి" అని అడిగారు. జరపలేం. అబూ సింబెల్‌లో ఈజిప్టు రాజు రెండవ రామ్సెస్ కొండను తొలిపించి చేయించిన పెద్ద గుడిలో, ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరి 22, అక్టోబర్ 22 ప్రాంతంలో, ఉదయపు సూర్యకిరణాలు నేరుగా గర్భగుడిలోకి వెళ్తాయి. లోపల కూర్చున్న నాలుగు విగ్రహాల్లో అమున్-రా, రామ్సెస్, రా-హోరఖ్తి మీద వెలుగు పడుతుంది. చీకటి లోకంతో ముడిపడిన ప్తాహ్ మాత్రం నీడలోనే ఉండిపోతాడు. సుమారు 20 నిమిషాల ముచ్చట అది. అస్వాన్ హై డ్యామ్ నీళ్లలో మునిగిపోకుండా 1964 నుంచి 1968 వరకు ఆ గుడిని ముక్కలుగా కోసి, దాదాపు 65 మీటర్ల పైకి తీసుకెళ్లి మళ్లీ పేర్చారు. అంత పని చేసినా వెలుగు దారి చెడకుండా నిలిపారంటే, తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

కాబట్టి 21వ తేదీ రాత్రి మనం అబూ సింబెల్‌లోనే ఉండాలి. ఆ ఊళ్లో బస చేసే చోట్లు చాలా తక్కువ. ఆ రాత్రికి గదులు ముందుగానే నిండిపోతాయి, చివరి నిమిషంలో దొరకవు. మిగతా కార్యక్రమమంతా ఆ ఒక్క రాత్రి చుట్టూ అల్లినదే: 16 కైరో చేరడం, 17 గీజా, సాయంత్రం లక్సర్‌కు విమానం, 18 రాజుల లోయ, కర్నాక్ చూసి పడవ ఎక్కడం, 19 ఎడ్ఫూ, 20 కోమ్ ఓంబో మీదుగా అస్వాన్, 21 రోడ్డు మీద 280 కిలోమీటర్లు అబూ సింబెల్‌కు, 22 సూర్యోదయం చూసి తిరిగి అస్వాన్, 23 ఫిలే గుడి, సాయంత్రం కైరోకు విమానం, 24 కైరోలో మ్యూజియం, 25 వీడ్కోలు.

ఒక మాట ముందే చెప్పాలి. 22 తెల్లవారుజామున 3 గంటలకు మనం క్యూలో ఉంటాం. వేలమంది వస్తారు, లోపలి దారి ఇరుకు. గర్భగుడి ముందు మీకు దొరికేది కొన్ని క్షణాలే కావచ్చు. కొందరికి ఆ వెలుగు వేళలోపు లోపలికి వెళ్లడం కుదరకపోవచ్చు. దానికి నేను హామీ ఇవ్వలేను, దాని పేరు మీద రీఫండ్ కూడా ఉండదు.

16 మంది ఎందుకు

ఈ గ్రూప్‌కు కనీసం 16 మంది కావాలి, 24 మందికి మించి తీసుకోం. లెక్కలోకి వచ్చేది అడ్వాన్స్ కట్టినవాళ్లు మాత్రమే. "వస్తాం, పేరు రాసుకోండి" అన్నవాళ్లు లెక్కలోకి రారు, నేనూ రాను.

బస్సు, గైడ్, అబూ సింబెల్ రాత్రి బస, ఎనిమిది క్యాబిన్ల బ్లాక్, వీటి ఖర్చు 8 మందికైనా 16 మందికైనా దాదాపు ఒకటే. 16 మందితో భాగించి ధర చెప్పాను. ఎనిమిది మందే వస్తే ఆ భాగం ఒక్కొక్కరి మీద రెట్టింపు అవుతుంది. అంత భారం ఎవరి మీదా మోపను. అందుకే కనీస సంఖ్య పెట్టాం.

కన్ఫర్మ్ చేయడానికి ఆఖరు తేదీ: జూలై 10

2026 జూలై 10 శుక్రవారం, కైరో సమయం సాయంత్రం 6 గంటలు. ఆ వేళకు మా ఖాతాలో పడిన అడ్వాన్స్‌లనే లెక్కపెడతాం. పంపిన తేదీ చూడం, చేరిన తేదీ చూస్తాం. విదేశీ బదిలీలకు కొన్ని రోజులు పట్టవచ్చు కాబట్టి ఆఖరి వారం దాకా ఆగకండి.

13 సోమవారం, అడ్వాన్స్ కట్టిన అందరికీ ఒక లేఖ వస్తుంది. అందులో మూడింటిలో ఒకటి ఉంటుంది.

16 లేదా ఆపైన ఉంటే యాత్ర ఖాయం. ఆ తర్వాత ఎవరైనా మానేసి సంఖ్య 16 కంటే తగ్గినా యాత్ర ఆగదు, ధర పెరగదు. ఆ నష్టం మాది.

13 నుంచి 15 మంది ఉంటే మీ అభిప్రాయం అడుగుతాం. లోటును అందరూ పంచుకుంటే యాత్ర సాగుతుంది. ఆ అదనం మీ ప్యాకేజీ ధరలో 8 శాతానికి మించదు. 17 శుక్రవారం సాయంత్రం 6 లోపు రాతపూర్వకంగా అవును అన్నవాళ్లే ఉంటారు. కాదన్నవాళ్లకు, జవాబు ఇవ్వనివాళ్లకు అడ్వాన్స్ మొత్తం వెనక్కి వస్తుంది. ఎవరినీ బతిమాలను, ఒత్తిడి చేయను. అవునన్నవాళ్లు 13 కంటే తగ్గితే యాత్ర రద్దు. తుది నిర్ణయం 20 సోమవారం తెలియజేస్తాం.

13 కంటే తక్కువ ఉంటే 13వ తేదీనే రద్దు ప్రకటిస్తాం. యాత్ర రద్దయితే కట్టిన సొమ్మంతా, మా వైపు బ్యాంకు చార్జీలు కూడా కోయకుండా, 7 పని దినాల్లో తిరిగి పంపుతాం.

ఇక రెండుసార్లు చదవమన్న మాట ఇది: "యాత్ర ఖాయం" అన్న లేఖ చేతికి వచ్చేదాకా కైరోకు విమాన టికెట్ కొనకండి. తక్కువ ధర కనిపించిందని, సీట్లు అయిపోతాయని టెన్షన్ పడి కొనకండి. కొన్నేళ్ల కిందట నేనే ఒక గ్రూప్ యాత్రికుడిని. నిర్వాహకులు "తప్పకుండా వెళ్తున్నాం" అంటూనే వచ్చారు. బయల్దేరడానికి తొమ్మిది రోజుల ముందు, మనుషులు సరిపోలేదని ఆపేశారు. ప్యాకేజీ డబ్బు వెనక్కి ఇచ్చారు కానీ, నా విమాన టికెట్ రీఫండ్ లేనిది. మా గ్రూప్‌లో ఒక పెద్దావిడ రెండేళ్లుగా కూడబెట్టిన డబ్బు అలాగే పోయింది. ఆవిడ ఫోన్‌లో ఏమీ అనలేదు, ఊరికే "సరే బాబూ" అంది. ఆ మాట నాకు ఇంకా వినబడుతుంది. అందుకే ఆఖరు తేదీని బయల్దేరడానికి మూడు నెలల ముందే పెట్టాను.

డబ్బు ఎప్పుడు, ఎంత

సీటు అడగగానే మీకు సీటు నంబరుతో ఇన్వాయిస్ వస్తుంది. అది వచ్చిన 5 రోజుల్లో ప్యాకేజీ ధరలో 20 శాతం అడ్వాన్స్ కడితే సీటు మీది. కట్టకపోతే తర్వాతి వాళ్లకు వెళ్తుంది. ఈ అడ్వాన్స్‌ను యాత్ర ఖాయమయ్యేదాకా వేరే ఖాతాలో ఉంచుతాం, ముట్టుకోం.

యాత్ర ఖాయమయ్యాక జూలై 31 శుక్రవారంలోపు మరో 40 శాతం. పడవకూ హోటళ్లకూ మేం కట్టాల్సింది అప్పుడే. మిగిలిన 40 శాతం సెప్టెంబర్ 11 శుక్రవారంలోపు, అంటే బయల్దేరడానికి సరిగ్గా 35 రోజుల ముందు. వాయిదా దాటితే ఒకసారి గుర్తు చేసి 5 రోజులు ఆగుతాం. ఆ తర్వాత సీటు వెయిటింగ్ లిస్ట్‌కు వెళ్తుంది, మీరే మానుకున్నట్టు లెక్క.

ఖాతా వివరాలు ఇన్వాయిస్‌లో మాత్రమే ఉంటాయి. ఫోన్ మెసేజ్‌లో మరో ఖాతా నంబరు వస్తే, అది నా పేరుతో వచ్చినా సరే, డబ్బు పంపకండి. ముందు నాకు కాల్ చేయండి.

గదులు, క్యాబిన్లు ఇద్దరికి ఒకటి. ఒంటరిగా వచ్చేవారికి జోడీ కుదర్చడానికి ప్రయత్నిస్తాం. జూలై 31 నాటికి కుదరకపోతే, ఒంటరి గదికయ్యే అదనపు ధర మీ దగ్గర వసూలు చేయం. మీ అంతట మీరే సింగిల్ క్యాబిన్ కోరుకుంటే అదనం ఉంటుంది, అలాంటివి నాలుగే ఉన్నాయి.

మీరు మానుకుంటే

జూలై 10 సాయంత్రం 6 లోపు చెబితే బ్యాంకు బదిలీ చార్జీ మినహా మొత్తం వెనక్కి. యాత్ర ఖాయమయ్యాక, జూలై 31 లోపు అయితే 20 శాతం అడ్వాన్స్ పోతుంది. ఆగస్టు 1 నుంచి సెప్టెంబర్ 11 లోపు ప్యాకేజీ ధరలో సగం పోతుంది. ఆ తర్వాత ఏమీ తిరిగి రాదు. ఇది కఠినంగా అనిపిస్తుందని తెలుసు. కానీ సెప్టెంబర్ మధ్యకు మీ పేరు మీద పడవకు, హోటల్‌కు, విమానానికి డబ్బు వెళ్లిపోయి ఉంటుంది, అవి వెనక్కి రావు.

దీనికి ఒక దారి ఉంది. మీ బదులు మరొకరిని పంపొచ్చు. సెప్టెంబర్ 25 లోపు వారి పాస్‌పోర్ట్ వివరాలు ఇస్తే, పేరు మార్పుకు నిజంగా అయిన ఖర్చు మాత్రం తీసుకుని సీటు బదలాయిస్తాం. వెయిటింగ్ లిస్ట్‌లో వారెవరైనా మీ సీటు తీసుకున్నా మీ డబ్బు తిరిగి వస్తుంది. అనారోగ్యం, ఇంట్లో మరణం లాంటి కారణాలకు మీ బీమా పనికొస్తుంది. అందుకే అడ్వాన్స్ కట్టిన వారంలోనే బీమా తీసుకోండి, యాత్ర రద్దుకు కూడా వర్తించేది చూసి తీసుకోండి.

ప్రభుత్వ ఆంక్షల వల్లో, భద్రత కారణంగానో మేమే ఆపాల్సివస్తే, మా దగ్గరున్న మొత్తమంతా ఇస్తాం. పడవ, హోటళ్లవాళ్లు తిరిగి ఇచ్చింది ఇచ్చినట్టు మీకు చేరుస్తాం, రసీదులతో సహా. మా సేవా రుసుము ఉంచుకోం.

పాస్‌పోర్ట్

2027 ఏప్రిల్ 25 దాటాక కూడా చెల్లుబాటులో ఉండాలి. పాస్‌పోర్ట్‌లో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి, లోపలి విమాన టికెట్లు ఆ పేరు మీదే తీస్తాం. వీసా గురించి మీ దేశంలోని ఈజిప్టు రాయబార కార్యాలయంలో అడిగి, అవసరమైతే మీరే తీసుకోవాలి.

సీటు కావాలంటే ఈ మెయిల్‌కే జవాబివ్వండి. వచ్చేవారి పేర్లు, పుట్టిన తేదీలు, క్యాబిన్ ఎవరెవరు పంచుకుంటారు, మోకాళ్ల నొప్పి గానీ గుండె జబ్బు గానీ ఉంటే ఆ సంగతి రాయండి. రాజుల లోయలో సమాధుల్లోకి ఏటవాలు దారులు, మెట్లు ఉన్నాయి. ముందే తెలిస్తే ఎవరికి ఎంత నడక అన్నది మీతో కూర్చుని చూసుకుంటాను. చివర్లో "ఈ నిబంధనలు చదివాను, నాకు సమ్మతమే" అని మీ పేరుతో, తేదీతో రాయండి. ఆ వాక్యం లేనిదే ఇన్వాయిస్ పంపను.

ఈరోజుకు, మే 4 సోమవారానికి, అడ్వాన్స్ కట్టినవారు తొమ్మిది మంది. ప్రతి శుక్రవారం సాయంత్రం ఆ సంఖ్య ఎంతకు చేరిందో అందరికీ పంపుతాను, పెరిగినా పెరగకపోయినా.

ఇట్లు,
మీ యాత్ర నిర్వాహకుడు