ఆరాధన రికార్డింగులు: పేర్లు, ఎక్స్‌పోర్ట్, భద్రపరచడం

మీడియా బృంద సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు.

పాత ప్రసంగం కావాలని ఎవరైనా అడిగితే, ఆ రోజు డ్యూటీలో ఎవరున్నారో వాకబు చేయాల్సి వస్తోంది. హార్డ్ డిస్కులో `final`, `final2`, `new final` అన్న పేర్లే కనిపిస్తున్నాయి. వచ్చే ఆదివారం నుంచి అందరం ఒకే పద్ధతి పాటిద్దాం.

పేరులో ముందు సంవత్సరం, నెల, తేదీ. తర్వాత ఆరాధన, భాగం, వాక్యభాగం. ఉదాహరణకు:

```
2025-06-01_S2_Sermon_John15.1-8.mp4
```

ఉదయం 6:30 ఆరాధనకు `S1`, 9:30కి `S2`, శుక్రవారం ఉపవాస ప్రార్థనకు `FP`. సంవత్సరం ముందుంటే ఫైళ్లు వాటంతట అవే వరుసలో నిలుస్తాయి. అధ్యాయానికీ వచనానికీ మధ్య చుక్క పెట్టండి. కోలన్ పెడితే విండోస్ ఒప్పుకోదు. పుస్తకం పేరు ఇంగ్లిషు అక్షరాల్లోనే రాయండి. ఒకరు యోహాను అని, ఇంకొకరు జాన్ అని రాస్తే వెతికినా దొరకదు.

ఓబీఎస్‌లో రికార్డింగు ఎంకేవీలోనే జరగాలి. మన వీధిలో కరెంటు సంగతి మీకు తెలిసిందే. మధ్యలో పోయినా అప్పటివరకు రికార్డయినది ఎంకేవీలో దక్కుతుంది. ఎంపీ4 అయితే మొత్తం ఫైలే తెరుచుకోకపోవచ్చు. ఆరాధన ముగిశాక `Remux Recordings`తో ఎంపీ4గా మార్చండి. నిమిషాల పని, నాణ్యత తగ్గదు.

ఎడిటింగ్ తర్వాత ఎక్స్‌పోర్ట్: 1080p, H.264, 8 Mbps, ఆడియో AAC 48 kHz. గంటకు సుమారు 3.6 జీబీ అవుతుంది. అంతకంటే పెంచితే డిస్కు నిండుతుందే తప్ప, మన కెమెరాకు లేని స్పష్టత రాదు. వాట్సాప్‌లో పంపే ప్రసంగం ఆడియో 64 kbps మోనో ఎంపీ3 చాలు. 45 నిమిషాలకు 22 ఎంబీ లోపే. పెద్దవాళ్ల ఫోన్లలో స్థలం ఉండదు, దయచేసి వాళ్లకు వీడియోలు పంపకండి.

సాక్ష్యాల విషయంలో మాత్రం నేను పట్టుబడతాను. జబ్బులు, అప్పులు, ఇంటి గొడవల గురించి సంఘాన్ని నమ్మి చెప్పుకున్న మాటలవి. చెప్పిన వ్యక్తి ఒప్పుకోకుండా యూట్యూబ్‌కు ఒక్క ముక్క కూడా వెళ్లకూడదు. వాటిని `Private` ఫోల్డర్‌లో విడిగా ఉంచండి. గ్రూపులో అడిగినా ఇవ్వకండి, నాకు చెప్పమనండి.

ప్రతి రికార్డింగూ మూడు చోట్ల ఉండాలి: మీడియా గది కంప్యూటర్‌లో, బయటి హార్డ్ డిస్కులో, సంఘం గూగుల్ డ్రైవ్‌లో. సొంత డ్రైవ్‌లో పెట్టకండి. డ్రైవ్‌కు ఎక్కించడం సోమవారం రాత్రికి పూర్తి చేయండి. కంప్యూటర్‌లోనూ డిస్కులోనూ ఫైలు తెరిచి, మొదలు, మధ్య, చివర కాసేపు ప్లే చేసి చూసేవరకు కెమెరా కార్డును ఫార్మాట్ చేయవద్దు. ఫైలు కనబడినంత మాత్రాన పూర్తిగా కాపీ అయినట్టు కాదు.

హార్డ్ డిస్కు ఇంటికి తీసుకెళ్లకండి. ఆఫీసు బీరువాలో పెట్టి, పక్కనున్న పుస్తకంలో తేదీ, మీ పేరు రాయండి.

మీడియా బృందం బాధ్యుడు