సర్వే రిపోర్టు కాపీ, నష్టం లెక్క ఆధారాల కోసం విన్నపం

చిత్తూరు,
18-11-2024

సర్వేయర్ గారికి,

విషయం: బెల్లం గోడౌన్ నష్టం, క్లెయిమ్ చివరి అంకెలు 4417

అయ్యా,

అక్టోబరు 16 రాత్రి గాలివానకు మా గోడౌన్ రేకులు లేచిపోయి, నిల్వ ఉన్న బెల్లం తడిసి కరిగిపోయింది. మీరు స్వయంగా వచ్చి ఫోటోలు తీసుకున్నారు, స్టాకు రిజిస్టరు చూశారు. మేము అడిగింది రూ.4,10,000. మీరు లెక్క కట్టింది రూ.1,65,000 అని బీమా కంపెనీ వాళ్లు ఫోన్‌లో చెప్పారు. ఎలా తగ్గిందో మాత్రం చెప్పలేదు.

దయచేసి ఫోటోలు, అనుబంధ పత్రాలతో సహా తుది రిపోర్టు కాపీ ఇప్పించండి. బస్తా ధర ఏ రోజు మార్కెట్ రేటు ప్రకారం వేశారు? మా కొనుగోలు బిల్లులు తీసుకున్నారా, లేదా? కరిగిన బెల్లానికి సాల్వేజ్ విలువ ఎంత కట్టారు, ఎవరి కొటేషన్ మీద? ఆ సరుకు పశువుల దాణాకు కూడా ఎవరూ తీసుకోలేదు కాబట్టి ఈ ఒక్కటే నాకు పెద్ద సందేహం. బీమా మొత్తం రూ.10 లక్షలు. స్టాకు విలువ అంతకన్నా ఎక్కువని అండర్ ఇన్సూరెన్స్ కింద కోత వేసి ఉంటే, ఆ రోజు స్టాకు ఎంతని తీసుకున్నారో కూడా రాయండి.

2015 నాటి ఐఆర్‌డీఏఐ సర్వేయర్ల నిబంధనలు రిపోర్టు కాపీ బీమా చేయించుకున్నవారికీ ఇవ్వాలంటున్నాయి. లెక్క చూడకుండా సెటిల్‌మెంట్ వోచరు మీద సంతకం పెట్టలేను. రైతులకు ఇవ్వాల్సిన డబ్బు ఇందులోనే ఉంది. ఈ నెల 28 లోపు పంపగలరు. ఇంకేమైనా బిల్లులు కావాలంటే వెంటనే తెచ్చిస్తాను.

ఇట్లు,
గోడౌన్ యజమాని

ప్రతి: బీమా కంపెనీ బ్రాంచి మేనేజర్ గారికి