రోజు విడిచి రోజు

ఎమర్జెన్సీలో నర్సు అడిగిన మొదటి ప్రశ్న దిండ్ల గురించి. రాత్రిళ్ళు తల కింద ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నారు?

మేఘన అదే తెలుగులో అడిగింది. పార్వతమ్మ ముక్కులో ఆక్సిజన్ గొట్టం సర్దుకుంటూ, "దిండ్ల సంగతి వీళ్ళకెందుకే?" అంది. మాటకీ మాటకీ మధ్య ఆగి ఊపిరి తీసుకుంటోంది.

"చెప్పు అమ్మమ్మా."

"రెండు. పోయిన వారం నుంచి మూడు. రెండ్రోజులుగా అసలు పడుకోవట్లేదు. సోఫాలో కూర్చునే కునుకు తీస్తున్నా."

మేఘన చెప్పగానే నర్సు తలుపు దగ్గరకెళ్ళి ఎవరినో పిలిచింది. పడుకుంటే ఊపిరాడక దిండ్లు పెంచుకుంటూ పోవడమంటే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుండొచ్చని మేఘనకి అప్పటికి తెలియదు. అమ్మమ్మ సీరియల్ చూస్తూ సోఫాలోనే నిద్రపోతోందని ఇంట్లో అందరూ అనుకున్నారు.

పార్వతమ్మది వినుకొండ దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళవాత జ్వరం గుండె కవాటాన్ని పాడుచేసింది. అది నలభై ఏళ్ళు దాటాక గానీ బయటపడలేదు. 2009లో ఆరోగ్యశ్రీ కింద హైదరాబాద్ నిమ్స్‌లో ఆపరేషన్ చేసి లోహపు కవాటం పెట్టారు. అప్పట్నుంచీ రక్తం గడ్డకట్టకుండా రోజూ సాయంత్రం అసిట్రోమ్ మాత్ర వేసుకుంటుంది. జూన్‌లో అమెరికాలో ఎడిసన్‌లోని కూతురింటికి వచ్చేటప్పుడు ఆర్నెల్లకి సరిపడా మాత్రలు పెట్టెలో తెచ్చుకుంది. డిసెంబరులో వెళ్ళాల్సింది. చలికాలం పోయాక వెళ్దువుగాని అని కూతురు బతిమాలి, గడువు పొడిగించమని అప్లికేషన్ పెట్టించింది. ఇప్పుడు జనవరి. ఆ కూతురు పొలం రిజిస్ట్రేషన్ పని మీద వినుకొండలో ఉంది.

ఇంట్లో ఉన్నది అల్లుడు, మనవరాలు. అల్లుడు మంచివాడే. అయినా ఆయన గదిలోకి వస్తే పార్వతమ్మ పమిట సర్దుకుని మంచం మీద లేచి కూర్చునేది. ఎక్కడ నొప్పి, విరేచనం అవుతోందా లేదా వంటివి అల్లుడి ఎదుట ఆవిడ నోట రావు. అందుకని కాలేజీ సెలవుల్లో ఉన్న ఇరవై ఏళ్ళ మేఘన మంచం పక్కన కుర్చీ వేసుకుంది.

మేఘనకి తెలుగు వచ్చు. అన్నం, స్నానం, కోపం, ముద్దు వరకే ఆ తెలుగు. లివర్‌ని ఏమంటారో, వాపుకీ వాతానికీ తేడా ఏమిటో ఎన్నడూ అవసరం పడలేదు. ఆ రాత్రి ఆసుపత్రి వాళ్ళు చక్రాల స్టాండు మీద ఒక స్క్రీన్ తోసుకొచ్చారు. తెలుగు ఇంటర్‌ప్రెటర్ దొరకడానికి ముప్పావుగంట పట్టింది. స్క్రీన్ మీదకి వచ్చినావిడ నడివయసు మనిషి, హెడ్‌సెట్ పెట్టుకుని ఉంది. పని పూర్తయ్యాక, డాక్టర్ బయటికి వెళ్ళిన నిమిషంలో మేఘనతో అంది: "నేను ప్రతిసారీ దొరకనమ్మా. చిన్నచిన్న మాటలకి నువ్వే దిక్కు. 'ఆవిడ ఇలా అంటోంది' అని మొదలుపెట్టకు. ఆవిడ 'నాకు ఆయాసం' అంటే నువ్వూ 'నాకు ఆయాసం' అనే చెప్పు. ఏదీ కలపకు, ఏదీ వదిలెయ్యకు. తెలియని మాట వస్తే తెలియదని చెప్పి ఆపు."

మేఘన కెమిస్ట్రీ నోట్సు వెనక పేజీలు తిప్పి గీత గీసింది. ఒక పక్క డాక్టర్ల మాటలు. వాల్వ్, క్లాట్, ఎకో, ఐఎన్ఆర్. రెండో పక్క అమ్మమ్మ మాటలు. ఆ రెండో వరసే త్వరగా నిండింది. నొప్పి అని రాసుకుని ఊరుకుందామంటే పార్వతమ్మ ఒప్పుకోలేదు.

"నొప్పి అంటే ఏం నొప్పే? మోకాలిది పీకుడు. తలది పోటు. సూది గుచ్చినచోట సలుపు. గుండెల్లో నొప్పి లేదు, బరువు. ఎవరో పీట వేసుకుని కూర్చున్నట్టుంది."

"దడగా ఉందా?"

"ఉండుండి వస్తోంది. కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. అది వేరే రాసుకో."

రాసుకుంది. వాటికి ఇంగ్లిష్ ఫోన్‌లో వెతికింది, దొరకనివాటికి తనే వివరణ కట్టుకుంది. పాదాలు చూపించి "నీరు దిగింది" అని పార్వతమ్మ అన్నప్పుడు తగ్గిందనుకుని అలాగే చెప్పబోయి, ఆగి వంగి చూసింది. బొటనవేలితో నొక్కితే చీలమండ మీద గుంట పడి అలాగే ఉండిపోయింది. నీరు కాళ్ళలోకి దిగింది. తెల్లవారేసరికి పద్నాలుగు పేజీలయ్యాయి.

పొద్దున డాక్టర్ స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. మేఘన చిన్నప్పుడు వేసవి సెలవులకి వెళ్తే అమ్మమ్మ గుండె మీద చెవి ఆనించి పడుకునేది. రాత్రి ఊరు సద్దుమణిగాక లోపల కవాటం రెక్కలు టిక్కు టిక్కుమని కొట్టుకోవడం బయటికే వినిపించేది. డాక్టర్ వింటున్నంతసేపూ మేఘన కూడా ఆ చప్పుడు కోసమే చెవి ఒగ్గింది.

"నీ టిక్కుటిక్కు వినపడట్లేదేంటి?"

"పది రోజులయింది సన్నబడి," అంది పార్వతమ్మ. "రాత్రిళ్ళు నాకే వినపడట్లా. చెవుడొచ్చిందేమో అనుకున్నా."

ఇది జబ్బు మాట కాదనుకుని వదిలేసేదే. ఏదీ వదలొద్దన్నారు కదా అని మేఘన చెప్పేసింది. "పది రోజులుగా నా వాల్వ్ చప్పుడు నాకు వినపడటం లేదు." డాక్టర్ స్టెతస్కోపు చెవుల్లోంచి తీసి, మళ్ళీ చెప్పమంది. చెప్పాక, ఎకో వెంటనే చేయాలని బయటికి కేకేసింది.

గొంతులోంచి గొట్టం దింపి చేసే ఎకోలో సంగతి తేలింది. కవాటం మీద గడ్డ పేరుకుంది. రెండు రెక్కల్లో ఒకటి కదలడమే లేదు. రక్తపరీక్షలో ఐఎన్ఆర్ 1.3 వచ్చింది. ఆవిడకున్నలాంటి లోహపు కవాటం ఉన్నవాళ్ళకి అది 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. అంటే రక్తం పలచబడవలసినంత పలచబడటం లేదు. అసిట్రోమ్ అమెరికాలో అమ్మరు కాబట్టి ఫార్మసిస్టు దాని గురించి చదువుకుని మరీ వచ్చింది. మాత్రలు తప్పకుండా వేసుకుంటున్నారా అని అడిగింది.

"వేసుకుంటున్నా," అంది పార్వతమ్మ.

మేఘన అదే చెప్పింది. ఫార్మసిస్టు డాక్టర్ వైపు చూసింది. మాత్ర సరిగ్గా వేసుకుంటూ కూడా గడ్డ కట్టిందంటే లెక్క మారుతుందనీ, కవాటంలోనే లోపం ఉందేమో చూడాలనీ, మందు మోతాదు ఇంకా పెంచాల్సి వస్తుందనీ ఇద్దరూ మాట్లాడుకున్నారు. అందులో మేఘనకి అర్థమైనంతా అమ్మమ్మకి చెప్పింది. తండ్రి కాఫీ కోసం కిందికి వెళ్ళాడు.

పార్వతమ్మ దుప్పటి అంచు మడతపెడుతూ కూర్చుంది. తర్వాత గొంతు తగ్గించి, "నీకొక్కదానికే చెప్తా," అంది.

"అమ్మమ్మా, ఇక్కడ నువ్వు నాతో అన్నదల్లా నేను వాళ్ళకి చెప్పాలి. చెప్పొద్దంటే ముందే అనకు."

"చెప్పకపోతే ఏమవుద్ది?"

"నువ్వు రోజూ వేసుకుంటున్నావనుకుని వైద్యం చేస్తారు. మందు ఎక్కువిస్తారు. ఎక్కువైతే లోపల రక్తం కారుతుంది. లేదంటే వాల్వ్ పాడైందనుకుని మళ్ళీ ఎముక కోస్తారు."

పార్వతమ్మ తలుపు వైపు చూసింది. "మీ నాన్నగారు వచ్చేలోపు కానీ."

అక్టోబరులో అల్లుడి ఉద్యోగం పోయింది. రాత్రిళ్ళు వంటింట్లో దంపతులు లెక్కలు చూసుకోవడం పక్కగదిలో ఈవిడకి వినపడేది. మాత్రలు అయిపోవస్తున్నాయంటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారు, చేతిలోంచి పెట్టుకుంటారు. వెనకటి జబ్బులకి తన ఇన్సూరెన్స్ రాదని విమానం ఎక్కకముందే విన్నది. అందుకని క్రిస్మస్ ముందు నుంచి రోజు విడిచి రోజు వేసుకుంది. డబ్బాలో ఇంకా పదకొండున్నాయి. ఊరు చేరేదాకా వస్తాయని లెక్క కట్టుకుంది.

అంతా చెప్పి, "ఇక చెప్పు వాళ్ళకి," అంది.

మేఘన లేచి నిలబడింది. 'నేను' అనే మొదలుపెట్టింది. నేను మాత్రలు రోజు విడిచి రోజు వేసుకున్నాను. నా కూతురికి ఖర్చు కాకూడదని ఎవరికీ చెప్పలేదు. రెండో వాక్యం దగ్గర గొంతు బొంగురుపోయింది. అయినా ఆపకుండా పదకొండు మాత్రల దాకా చెప్పింది. డాక్టర్ మంచం అంచున కూర్చుని మేఘనని కాక పార్వతమ్మని చూస్తూ విన్నది. నిజం చెప్పడం వల్ల వైద్యం తేలికైందని ఆమె అన్నప్పుడు మేఘన ఆ మాటని అక్షరం పొల్లుపోకుండా తెలుగులోకి తెచ్చింది.

సంతకాల వేళకి స్క్రీన్ మీద ఇంటర్‌ప్రెటర్ కుదిరింది, రాత్రి మాట్లాడినావిడే. గడ్డని కరిగించే మందు నరంలోకి ఆరు గంటల పాటు సన్నగా ఎక్కిస్తారు. అవసరమైతే మళ్ళీ ఎక్కిస్తారు. కరిగేటప్పుడు ముక్క విడిపోయి మెదడుకి వెళ్ళొచ్చు, పక్షవాతం రావచ్చు. లోపల ఎక్కడైనా రక్తస్రావం కావచ్చు. రెండో దారి ఆపరేషన్, దానికుండే ప్రమాదం దానికుంది. ఆవిడ నిదానంగా, ఇంట్లో మాట్లాడినట్టే చెప్పింది. పార్వతమ్మ అంతా విని ఒకటే అడిగింది.

"ఇక్కడే పోతే, నన్ను మా ఊరు చేర్చడానికి ఎంతవుద్ది?"

స్క్రీన్‌లోంచి ఆ ప్రశ్న ఇంగ్లిష్‌లో 'నేను ఇక్కడ చనిపోతే' అని ఏ వణుకూ లేకుండా వినిపించింది. మేఘన తండ్రి కిటికీ వైపు తిరిగాడు. ఆ ప్రశ్న దాకా వెళ్ళకుండా చూడటమే తమ పని అంది డాక్టర్. బిల్లు సంగతి మాట్లాడటానికి సోషల్ వర్కర్ వస్తారనీ, ఆ భయంతో వైద్యం ఆపనవసరం లేదనీ కూడా అంది.

"అయితే మందే ఎక్కించండి. కోత వద్దు," అంది పార్వతమ్మ. సంతకం తెలుగులోనే పెట్టింది.

మందు రెండుసార్లు ఎక్కించారు. ఆ రెండు రోజులూ మేఘన గంట గంటకీ అమ్మమ్మని నవ్వమంది, రెండు చేతులూ ఎత్తమంది, పేరు చెప్పమంది. పక్షవాతం ఆనవాళ్ళు కనిపెట్టడం నర్సు దగ్గర నేర్చుకుంది. మూడోరోజు ఎక్స్‌రే తెర మీద రెండు రెక్కలూ తెరుచుకుని మూసుకుంటున్నాయి. అసిట్రోమ్ బదులు వార్ఫరిన్ మొదలుపెట్టారు. ఆకుకూరలు ఈ మందు బలాన్ని తగ్గిస్తాయని చెప్తే, గోంగూర మానాలా అని పార్వతమ్మ నిలదీసింది. మానక్కర్లేదు, ఒక వారం గిన్నెడు తిని మరో వారం అసలు తినకపోవడమే పనికిరాదు, ఎప్పుడూ ఒకే లెక్కన తినమన్నారు. మేఘన అదీ నోట్సులో రాసింది.

సాయంత్రం వినుకొండ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ తెల్లవారుజాము. టికెట్ దొరికింది, ఎల్లుండి బయల్దేరుతున్నానంది కూతురు. అసలు ఇదంతా ఎందుకొచ్చిందని మేఘనని అడిగింది.

మేఘన ఫోన్ అమ్మమ్మ చేతికిచ్చింది. "మాత్రల సంగతి అమ్మకి నువ్వే చెప్పు."

పార్వతమ్మ మనవరాలి వంక గుర్రుగా చూసి, ఫోన్ చెవికి పెట్టుకుంది. "ఏమే, నిద్దరపోలేదా? రిజిస్ట్రేషన్ అయిందా? సరే, ముందు నువ్వు కూర్చో. కూర్చున్నావా? కోప్పడనంటేనే చెప్తా."